షాఫ్టు స్టెప్పు మూలలోనే ఎందుకు విరుగుతుంది? మూలనూ రంధ్రాన్నీ సరిదిద్దే పద్ధతి

విరిగిన షాఫ్టు ముక్కను తీసుకుని, ఎక్కడ విరిగిందో చూడండి. నున్నగా ఉన్న నడుమ భాగంలో విరిగిన షాఫ్టు అరుదుగా కనిపిస్తుంది. బేరింగు కూర్చునే చోటు అయిపోయి వ్యాసం పెరిగే స్టెప్పు మూలలోనో, కీవే చివరనో, పిన్ను కోసం వేసిన అడ్డ రంధ్రం అంచునో విరిగి ఉంటుంది. లెక్క చూస్తే అక్కడి స్ట్రెస్ తక్కువే అనిపిస్తుంది. అయినా విరగడానికి కారణం ఏమిటంటే, మామూలు సూత్రం ఇచ్చేది షాఫ్టు నిటారుగా, ఒకే వ్యాసంతో ఉంటే వచ్చే స్ట్రెస్. ఆకారం హఠాత్తుగా మారిన చోట అసలు స్ట్రెస్ దానికి రెండు మూడు రెట్లు ఉంటుంది.

ఈ సంగతి కొత్తది కాదు. 1842 మే నెలలో వెర్సాయ్ నుంచి పారిస్ వెళ్తున్న రైలు ఇంజను ఇరుసు విరిగి ఘోర ప్రమాదం జరిగింది. మరుసటి ఏడాదే స్కాట్లండ్ ఇంజనీరు విలియం రాంకిన్ విరిగిన ఇరుసులను పరిశీలించి, ఇరుసు బేరింగులో తిరిగే భాగమైన జర్నల్ దగ్గర మూలను పదునుగా వదలకుండా వంపుగా తిప్పాలని చెప్పారు. ఇవాళ మనం డ్రాయింగులో మూల దగ్గర రాసే రేడియస్ వెనక ఉన్నది ఆ మాటే.

ఈ వ్యాసంలో ఒక మామూలు షాఫ్టును తీసుకుని మొదటి నుంచి చివరి దాకా లెక్క వేద్దాం. పిండిమర, బ్లోయరు, పల్వరైజరు లాంటి యంత్రాల్లో కనిపించే అమరిక ఇది: రెండు బేరింగుల మీద షాఫ్టు, ఒక బేరింగు బయట వేలాడుతూ వీ బెల్టు పుల్లీ.

ముందుగా: ఇది మీకు పట్టించుకోవాల్సిన చోటేనా?

కదలకుండా ఒకే బరువు మోసే మైల్డ్ స్టీలు భాగంలో రంధ్రం అంచున స్ట్రెస్ మూడు రెట్లయినా పెద్దగా భయం లేదు. అక్కడ లోహం కొంచెం సాగి, బరువును పక్కకు పంచుతుంది. తిరిగే షాఫ్టు విషయం వేరు. బెల్టు ఎప్పుడూ ఒకే వైపు లాగుతుంది, కానీ షాఫ్టు తిరుగుతుంది కాబట్టి దాని ఉపరితలం మీద ప్రతి బిందువూ ఒక చుట్టులో ఒకసారి సాగుతుంది, ఒకసారి నొక్కుకుంటుంది. నిమిషానికి 720 చుట్లు తిరిగే షాఫ్టుకు గంటకు 43,200 సార్లు ఇలా జరుగుతుంది. పది లక్షల సార్లు పూర్తవడానికి 24 గంటలు కూడా పట్టదు. మూలలో స్ట్రెస్ హద్దు దాటి ఉంటే కంటికి కనిపించని పగులు అక్కడే మొదలై, రోజూ కొంచెం కొంచెం లోపలికి నడుస్తుంది. దీన్నే ఫెటీగ్ అంటారు.

పోతఇనుము గురించి ఒక మాట. గ్రే కాస్ట్ ఐరన్ పెళుసుది కాబట్టి మూలలకు ఇంకా భయపడాలనిపిస్తుంది. నిజానికి దాని లోపల గ్రాఫైటు రేకులే వేల చిన్న పగుళ్లలా ఉంటాయి. బయట మనం పెట్టే మూల వాటికి అదనంగా చేసే ఫెటీగ్ నష్టం తక్కువ. కింది లెక్క స్టీలు షాఫ్టులకు.

1. మూల దగ్గరి వంపు మొమెంటు, మామూలు స్ట్రెస్ కట్టండి

మన షాఫ్టు కొలతలు ఇవి. బేరింగు 6207, దాని లోపలి వ్యాసం 35 మి.మీ., వెడల్పు 17 మి.మీ. రెండు బేరింగుల మధ్య దూరం 400 మి.మీ. పుల్లీ మధ్య నుంచి దగ్గరి బేరింగు మధ్యకు 100 మి.మీ. రెండు వైపుల బెల్టు లాగుడు కలిపి 4000 న్యూటన్లు. లోపలి వైపు షాఫ్టు వ్యాసం 42 మి.మీ. మెటీరియల్ ఈఎన్8, తన్యతా బలం 630 మెగాపాస్కల్.

బేరింగు మధ్యలో మొమెంటు 4000 × 0.1 = 400 న్యూటన్ మీటర్లు. అక్కడి నుంచి అవతలి బేరింగు వైపు వెళ్లే కొద్దీ ఇది సరళరేఖలో తగ్గి సున్నా అవుతుంది. మన మూల బేరింగు మధ్య నుంచి 8.5 మి.మీ. లోపల ఉంది కాబట్టి అక్కడ 391.5 న్యూటన్ మీటర్లు, అంటే 391500 న్యూటన్ మిల్లీమీటర్లు. ఇప్పుడు చిన్న వ్యాసంతో స్ట్రెస్ కట్టాలి. ఇక్కడ 42 పెట్టి లెక్కించడం చాలామంది చేసే పొరపాటు.

```
σ = 32 M / (π d³)
  = 32 × 391500 / (3.1416 × 35³)
  = 93 MPa
```

630 బలం ఉన్న స్టీలుకు 93 ఏపాటిది అనిపిస్తుంది. ఆగండి.

టార్కు వల్ల వచ్చే మెలి స్ట్రెస్ కూడా ఉంటుంది. అది తిరుగుడుతో దిశ మార్చుకోదు కనుక పగులును మొదలుపెట్టడంలో వంపుదే పెద్ద పాత్ర. దారి స్పష్టంగా కనిపించాలని ఇక్కడ వంపు మాత్రమే తీసుకుంటున్నాను. టార్కు కలిస్తే చివర వచ్చే భద్రతా గుణకం ఇంకా తగ్గుతుందే కానీ పెరగదు.

2. ఆకారం వల్ల ఎన్ని రెట్లు పెరుగుతుందో చూడండి

ఈ రెట్టింపు సంఖ్యను Kt అంటారు. అది కొలతల నిష్పత్తుల మీద ఆధారపడుతుంది, మెటీరియల్ మీద కాదు. స్టెప్పు మూలకు రెండు నిష్పత్తులు చాలు: పెద్ద వ్యాసం ÷ చిన్న వ్యాసం, మూల రేడియస్ ÷ చిన్న వ్యాసం. మన షాఫ్టుకు మొదటిది 42 ÷ 35 = 1.2. షాఫ్టు వంగేటప్పుడు ఆ నిష్పత్తికి ఈ సూత్రం దగ్గరగా సరిపోతుంది:

```
Kt = 0.971 × (r/d)^(-0.218)      (D/d = 1.2)
```

షాపులో 0.4 మి.మీ. ముక్కు ఉన్న ఇన్సర్టుతో మూల దాకా టర్నింగు చేసి వదిలేస్తే రేడియస్ 0.4 మిగులుతుంది. డ్రాయింగులో ఏమీ రాయకపోతే వచ్చేది ఇదే. అప్పుడు Kt 2.57. రేడియస్ 1 మి.మీ. అయితే 2.11. 2.5 మి.మీ. అయితే 1.73. 4 మి.మీ. అయితే 1.56. మొదటి మిల్లీమీటరు తెచ్చే లాభం తరువాతి మిల్లీమీటర్లు తేవని గమనించండి.

3. ఫెటీగ్‌లో ఆ రెట్టింపు ఎంత పనిచేస్తుందో సరిచేయండి

చాలా చిన్న రేడియస్ దగ్గర స్ట్రెస్ ఎంత పెరిగినా అది చర్మం మందంలో ఉండి, లోపలికి పోగానే పడిపోతుంది. పగులు మొదలవడానికి లోహంలో కొంత లోతు దాకా స్ట్రెస్ ఉండాలి. అందువల్ల Kt మొత్తంగా పనిచేయదు. ఎంత భాగం పనిచేస్తుందో చెప్పేది నాచ్ సెన్సిటివిటీ, q.

```
q  = 1 / (1 + a/r)
a  = 0.0254 × (2070/Sut)^1.8   mm
Kf = 1 + q (Kt − 1)
```

ఇందులో Sut అంటే తన్యతా బలం. 630 బలం ఉన్న స్టీలుకు a సుమారు 0.22 మి.మీ. వస్తుంది. ఇక లెక్కిస్తే:

రేడియస్ 0.4 దగ్గర q 0.65, Kf 2.02, అంటే 93 కాస్తా 188 మెగాపాస్కల్ అవుతుంది.
రేడియస్ 1.0 దగ్గర q 0.82, Kf 1.91, స్ట్రెస్ 178.
రేడియస్ 2.5 దగ్గర q 0.92, Kf 1.67, స్ట్రెస్ 155.
రేడియస్ 4.0 దగ్గర q 0.95, Kf 1.53, స్ట్రెస్ 142.

ఇక్కడ చాలామందికి ఆశ్చర్యం కలిగే సంగతి ఒకటుంది. రేడియస్‌ను 0.4 నుంచి 1.0 చేస్తే Kt బాగా తగ్గింది కానీ Kf కొంచెమే తగ్గింది. అలాగని 0.4 చాలని అనుకోవద్దు. ఈ లెక్క మూల నున్నగా ఉందని అనుకుంటుంది. 0.4 మూలలో టూలు చివర గీసిన చుట్టు గీత ఒక్కటి మిగిలినా అది మూలలో ఇంకో మూల. పగులుకు అంతకంటే మంచి చోటు దొరకదు.

4. షాఫ్టు ఎంత తట్టుకుంటుందో కట్టి, పోల్చండి

మెరుగుపెట్టిన చిన్న నమూనాకు ఫెటీగ్ హద్దు తన్యతా బలంలో సగం, అంటే 315. మన షాఫ్టు ఆ నమూనా కాదు. టర్నింగు చేసిన ఉపరితలానికి 0.82, 35 మి.మీ. వ్యాసానికి 0.85, నూటికి 99 షాఫ్టులు నిలవాలంటే 0.81. ఈ మూడూ గుణిస్తే సుమారు 178 మెగాపాస్కల్ మిగులుతుంది.

ఇప్పుడు పై నాలుగు వరుసలు మళ్లీ చూడండి. 0.4 రేడియస్‌తో స్ట్రెస్ 188, హద్దు 178. ఈ షాఫ్టు నిలుస్తుందన్న భరోసా లేదు. 1.0 రేడియస్‌తో సరిగ్గా అంచు మీద ఉంది. 2.5తో భద్రతా గుణకం, అంటే హద్దు ÷ స్ట్రెస్, 1.15. 93 అని తేలిగ్గా తీసుకున్న స్ట్రెస్ అసలు కథ ఇది.

5. మెటీరియల్ మార్చే ముందు ఈ లెక్క చూడండి

షాఫ్టు విరగగానే చాలా చోట్ల మొదట వచ్చే మాట "ఈఎన్24 వేద్దాం". వేసి చూద్దాం. 900 మెగాపాస్కల్ బలం వచ్చేలా హీట్ ట్రీట్‌మెంట్ చేశామనుకోండి. బలం 43 శాతం పెరిగింది. కానీ గట్టి స్టీలు ఉపరితల గీతలకు ఎక్కువ లొంగుతుంది, కాబట్టి ఉపరితల గుణకం 0.82 నుంచి 0.74కు దిగుతుంది. మూలకు కూడా ఎక్కువ లొంగుతుంది: a 0.11కు తగ్గి, అదే 0.4 రేడియస్ దగ్గర Kf 2.02 నుంచి 2.22కు పెరుగుతుంది. చివరికి హద్దు 229, స్ట్రెస్ 206, గుణకం 1.11. ఖరీదైన స్టీలు కొని సంపాదించింది ఇదీ. పాత ఈఎన్8లోనే మూలను 2.5 రేడియస్‌తో తిప్పితే 1.15 వస్తుంది. మూలను పదునుగా ఉంచి మెటీరియల్ మీద డబ్బు పెట్టకండి.

6. మూలను మార్చండి

ఇక్కడ ఒక చిక్కు ఉంది, దాన్ని పట్టించుకోకుండా రేడియస్ పెంచితే బేరింగు పాడవుతుంది. 6207 లోపలి రింగు మూల కనీసం 1.1 మి.మీ. గుండ్రంగా ఉంటుంది. అందుకే కేటలాగు షాఫ్టు రేడియస్ 1 మి.మీ. దాటకూడదని, స్టెప్పు వ్యాసం కనీసం 42 ఉండాలని చెబుతుంది. మీరు నేరుగా 2.5 రేడియస్ వేస్తే బేరింగు స్టెప్పు ముఖానికి ఆనదు. వంపు మీదికి ఎక్కి, వంకరగా కూర్చుంటుంది. బేరింగు వేడెక్కి, శబ్దం చేసి, కొన్ని వారాల్లో పోతుంది. అప్పుడు తప్పు బేరింగు కంపెనీ మీదికి పోతుంది. బిగించాక బేరింగు ముఖానికీ స్టెప్పుకీ మధ్య 0.03 మి.మీ. ఫీలర్ గేజి చుట్టూ ఎక్కడా దూరకూడదు. దూరితే వంపు అడ్డం పడిందని అర్థం.

దీన్ని దాటడానికి మూడు దారులున్నాయి.

*స్పేసర్ రింగు.* బేరింగుకీ స్టెప్పుకీ మధ్య ఒక రింగు వేయండి. స్టెప్పు వైపు రింగు లోపలి మూలకు 3 మి.మీ. చాంఫర్ కొట్టాలి, బేరింగు వైపు ముఖం చదునుగా ఉండాలి. 45 డిగ్రీల చాంఫర్ రేడియస్ కంటే పెద్దదైతే చాలు, వంపుకు తగలదు. రింగు వెడల్పు 6 మి.మీ., రెండు ముఖాలూ సమాంతరంగా గ్రైండ్ చేయాలి. లేకపోతే బేరింగు మళ్లీ వంకరే. ఇంకో సంగతి: 42 వ్యాసంతో స్టెప్పు ఎత్తు 3.5 మి.మీ. మాత్రమే. అందులో 3 చాంఫర్‌కు పోతే రింగు ఆనడానికి అర మిల్లీమీటరు మిగులుతుంది, అది చాలదు. కాబట్టి లోపలి వ్యాసం 45 చేయండి. ఆనే వెడల్పు 2 మి.మీ. అవుతుంది. వ్యాసాల తేడా పెరిగినందుకు Kt 1.73 నుంచి 1.76కు పెరుగుతుంది, ఆ మేరకు నష్టం. బేరింగును ఉన్నచోటే ఉంచి స్టెప్పును 6 మి.మీ. లోపలికి జరిపినందుకు మొమెంటు కొంచెం తగ్గుతుంది. రెండూ కలిపితే మూలలో స్ట్రెస్ 156, గుణకం 1.14. రింగు బయటి వ్యాసం కూడా 45 దగ్గరే పెట్టండి. బేరింగు లోపలి రింగు భుజం సుమారు 47 ఉంటుంది, అంతకంటే పెద్ద రింగు వేస్తే తీసేటప్పుడు పుల్లరు గోరుకు పట్టు దొరకదు.

*స్టెప్పు ముఖంలోకి కోత.* వంపును షాఫ్టు వ్యాసంలోకి కాక, స్టెప్పు ముఖంలోకి పక్కకు తవ్వండి. 2.5 రేడియస్ ఫారం టూలుతో ముఖాన్ని కోస్తే వంపు అంతా స్టెప్పు లోపలే ఉంటుంది, బేరింగు నేరుగా మిగిలిన ముఖానికి ఆనుతుంది. రింగు అక్కర్లేదు. ఇక్కడా 45 వ్యాసమే మంచిది, ఆనే వెడల్పు 2.5 మి.మీ. మిగులుతుంది. కొత్త షాఫ్టు చేయిస్తుంటే మొదటి ఎంపిక ఇదే. షాపులో ఫారం టూలు లేదంటే రింగు వైపు వెళ్లండి.

గ్రైండింగు చక్రం బయటికి రావడానికి వేసే సన్నని గాడితో దీన్ని కలపవద్దు. ఆ గాడి షాఫ్టు వ్యాసాన్నే తగ్గిస్తుంది. 35ను 34 చేస్తే వ్యాసం ఘనంతో స్ట్రెస్ 9 శాతం పెరుగుతుంది. పార్టింగు టూలుతో అడుగు చతురస్రంగా కోస్తే మూల ఒకటి పోయి రెండు పదునైన మూలలు వస్తాయి. గాడి తప్పదంటే అడుగు పూర్తి గుండ్రంగా ఉండాలి.

*పెద్ద వ్యాసంలో ఊరట గాడి.* మూలను అసలు ముట్టుకోలేని చోట, స్టెప్పు వెనక పెద్ద వ్యాసం మీద ఒక గుండ్రని గాడి వేయవచ్చు. బలరేఖలు స్టెప్పు దగ్గరికి వచ్చి ఒక్కసారిగా ఇరుక్కోకుండా, ఆ గాడి వాటిని ముందే లోపలికి మళ్లిస్తుంది. గాడి అడుగు చిన్న వ్యాసం కంటే లోతుకు పోకూడదు. లోహాన్ని తీసేస్తే బలం పెరుగుతుందని నమ్మించడం కష్టమే, షాపులో దీన్ని అర్థం చేయించాల్సి వస్తుంది.

మూలను మార్చి ఇంతవరకు లెక్కించిన గుణకాలేవీ 1.15 దాటలేదని మీరు గమనించే ఉంటారు. బెల్టు బిగింపు ఎప్పుడూ లెక్కలో ఉన్నట్టు ఉండదు, జారుతోందని ఇంకో అర చుట్టు బిగించేవాళ్లు ఉంటారు. కాబట్టి వీలున్నచోట మొమెంటునూ వ్యాసాన్నీ కూడా ముట్టుకోండి. పుల్లీని బేరింగు వైపు 25 మి.మీ. జరపగలిగితే, వేలాడే దూరం 100 నుంచి 75కు దిగి, మూలలో స్ట్రెస్ నాలుగో వంతు తగ్గుతుంది. రింగుతో వచ్చిన 1.14 అప్పుడు 1.5 అవుతుంది. చాలా యంత్రాల్లో పుల్లీ హబ్బును తిప్పి వేస్తేనే ఇందులో కొంత దొరుకుతుంది. హౌసింగు మార్చగలిగితే 6208కి, అంటే 40 మి.మీ. వ్యాసానికి వెళ్లండి. రేడియస్ 1 మి.మీ. వద్దే ఉన్నా మామూలు స్ట్రెస్ 93 నుంచి 62కు పడి, గుణకం 1.4 దాకా వస్తుంది. హౌసింగు మార్చలేని రిపేరు పనిలో మూల, వేలాడే దూరం, ఈ రెండే మీ చేతిలో ఉంటాయి.

ఇంకొక హద్దు కూడా తెలిసి ఉండాలి. బిగువుగా ఎక్కించిన బేరింగు రింగు అంచు కింద కూడా స్ట్రెస్ పోగవుతుంది, ఆ రెండు ఉపరితలాలు సూక్ష్మంగా రాపాడి ఎర్రటి పొడి వస్తుంది. మూలను ఎంత అందంగా తిప్పినా పగులు రింగు అంచు కింద మొదలైతే ఆ మరమ్మతు వేరు. బేరింగు తీసినప్పుడు సీటు మీద ఎర్రమరకలు ఉన్నాయేమో చూడండి.

7. రంధ్రాల దగ్గరికి రండి

వెడల్పాటి రేకులో గుండ్రటి రంధ్రం ఉంటే, లాగే దిశకు అడ్డంగా ఉన్న దాని అంచుల్లో స్ట్రెస్ సరిగ్గా మూడు రెట్లవుతుంది. ఇది 1898లో జర్మన్ ఇంజనీరు కిర్ష్ తేల్చిన లెక్క. ఆ మూడులో రంధ్రం సైజు లేదు. 20 మి.మీ. రంధ్రానికీ మూడే, 3 మి.మీ. రంధ్రానికీ మూడే. "చిన్న రంధ్రమే కదా" అని షాఫ్టు మీద ఎక్కడ పడితే అక్కడ డ్రిల్లు పెట్టడానికి ఇది జవాబు.

రంధ్రం గుండ్రం కాకపోతే ఆకారం దిశ ముఖ్యం. లాగే దిశలో పొడవు, అడ్డం కంటే రెట్టింపు ఉన్న దీర్ఘవృత్తానికి రెట్టింపు సంఖ్య 2. అదే ఆకారాన్ని 90 డిగ్రీలు తిప్పి అడ్డంగా పెడితే 5. అందువల్ల బ్రాకెట్టులో సర్దుబాటు కోసం పొడుగు రంధ్రం కావాలంటే వీలైనంతవరకు బలం వెళ్లే దిశలోనే పెట్టండి. అలాగే ఒక పెద్ద రంధ్రానికి ముందూ వెనకా, బలం దారిలోనే చిన్న రంధ్రాలు వేస్తే స్ట్రెస్ పదో వంతు వరకు తగ్గవచ్చు. వాటిని పక్కకు, అడ్డంగా వేస్తే పెరుగుతుంది. చోటు పొరపాటైతే మేలు కీడవుతుంది.

షాఫ్టులో అడ్డ రంధ్రానికి వంపులో రెట్టింపు సంఖ్య 2 నుంచి 2.5 మధ్య ఉంటుంది. మెలితో ఇంకా చెడ్డది: చిన్న రంధ్రం అంచున సాగే స్ట్రెస్, షాఫ్టు మెలి స్ట్రెస్‌కు నాలుగు రెట్ల దాకా పోతుంది. మెలితోనే విరిగిన షాఫ్టులో పగులు అక్షానికి 45 డిగ్రీల కోణంలో నడుస్తుంది, గుర్తుపట్టడం సులువు.

కాబట్టి వరుసగా ఇలా చేయండి. ముందు రంధ్రం అవసరమా అని అడగండి. కాలరు కదలకుండా పట్టడానికైతే రంధ్రం లేకుండా బిగిసే స్ప్లిట్ కాలరు చాలు. తప్పకపోతే చోటు మార్చండి. మన షాఫ్టులో మొమెంటు అవతలి బేరింగు వైపు సున్నాకు దిగుతుంది కాబట్టి రంధ్రం అటు జరగాలి. స్టెప్పు మూలకు దగ్గరగా మాత్రం ఎప్పుడూ వద్దు. మూల రెట్టింపు, రంధ్రం రెట్టింపు ఒకే చోట కలిస్తే ఒకదాన్నొకటి గుణించుకున్నట్టే పనిచేస్తాయి. చోటు ఖాయమయ్యాక డ్రిల్లు చేసి వదలకుండా రీమరు తిప్పండి, డ్రిల్లు లోపల వదిలిన గీతలు పోతాయి. ఆ తర్వాత రెండు నోళ్లలోనూ బర్రు తీసి, అంచును గుండ్రంగా చేసి, సన్నని ఎమరీతో మెరుగు పెట్టండి. ఒక వైపు మాత్రమే చాంఫర్ కొట్టి, డ్రిల్లు బయటికొచ్చిన వైపు మరిచిపోవడం తరచూ జరుగుతుంది. పగులు మరిచిన వైపు నుంచే వస్తుంది.

8. డ్రాయింగులో రాయండి, షాపులో కొలవండి

"మూల రేడియస్ ఇవ్వాలి" అని నోటితో చెబితే 0.4 వస్తుంది. డ్రాయింగులో మూలకు బాణం గీసి R2.5 అని, పక్కన ఉపరితల నునుపు కోసం Ra 0.8 అని రాయండి. బేరింగు నేరుగా ఆనే మూలకైతే రేడియస్ కనీసం 0.8, గరిష్ఠం 1.0 అని రెండు హద్దులూ ఇవ్వండి. కనీసం లేకపోతే మెషినిస్టు పదును వదులుతాడు, గరిష్ఠం లేకపోతే బేరింగు ఎక్కదు.

వంపు, నిటారు భాగంతో కలిసే చోట మెట్టు ఉండకూడదు. వేలి గోరుతో అక్షం వెంట గీస్తే తట్టకూడదు. రేడియస్ గేజి పెట్టి వెనక నుంచి లైటు వేస్తే, వెలుతురు ఎక్కడ కనిపిస్తుందో అక్కడ ఆకారం తప్పింది. చివరి మెరుగు ఎమరీతో షాఫ్టు పొడవు దిశలో లాగాలి. లేతు తిప్పుతూ ఎమరీ పట్టుకుంటే వచ్చే గీతలు చుట్టూ ఉంటాయి, షాఫ్టు వంగడం వల్ల వచ్చే పగులు నడిచేది సరిగ్గా ఆ దిశలోనే. షాఫ్టు నంబరు పంచ్ గుద్దడం, సెంటరు పంచ్ చుక్క పెట్టడం, అరిగిన స్టెప్పును వెల్డింగుతో నింపడం, ఇవేవీ మూల దగ్గర చేయనీయకండి. ఒక పంచ్ గుర్తు మీరు తిప్పిన రేడియస్ అంతటినీ వృథా చేయగలదు. నంబరు కావాలంటే షాఫ్టు చివరి ముఖం మీద గుద్దండి, అక్కడ వంపు మొమెంటు సున్నా.

విరిగిన పాత ముక్కను పారేయకండి, కొత్తది సరిగా చేశారో లేదో అదే చెబుతుంది. విరిగిన ముఖం మీద, నీరు తీసిన ఒడ్డున ఇసుకలో మిగిలే గీతల్లాంటి వంపు గీతలు కనిపిస్తే పగులు నెమ్మదిగా నడిచిందని అర్థం. ఆ గీతలన్నీ అంచున ఒకే చోటు నుంచి బయలుదేరితే అక్కడ ఏదో ప్రత్యేక లోపం ఉంది: గీత, పంచ్ గుర్తు, రంధ్రం నోరు. అంచు చుట్టూ రంపపు పళ్లలా చిన్న మెట్లు ఉండి, చివరకు తెగిన గరుకు భాగం చిన్నదై దాదాపు నడుమ ఉంటే, బరువు ఎక్కువ కాదు, మూలే పదును. మూలను తిప్పడం నేరుగా పనిచేసే షాఫ్టు ఇది. గరుకు భాగం ముఖంలో సగం ఆక్రమిస్తే మాత్రం రేడియస్‌తో ఆగకండి. బెల్టు బిగింపు, వేలాడే దూరం కొలిచి, 1వ మెట్టు నుంచి లెక్క మళ్లీ మొదలుపెట్టండి.